పై ఇంటి చప్పుడు: పద్నాలుగు రాత్రుల లెక్క

హైదరాబాద్‌లో కూకట్‌పల్లి వైపు మా అపార్ట్‌మెంటు. అయిదంతస్తులు, అంతస్తుకు ఎనిమిది చొప్పున నలభై ఫ్లాట్లు. అసోసియేషన్ సెక్రటరీగా నేను రెండేళ్లు చేశాను. ఆ రెండేళ్లలో నీళ్ల మీద, పార్కింగ్ మీద, కుక్కల మీద వచ్చిన ఫిర్యాదులన్నీ ఒక ఎత్తు, రాత్రి చప్పుళ్ల మీద వచ్చినవి ఒక ఎత్తు. నీళ్లు రాకపోతే కుళాయి తిప్పి చూపించొచ్చు. కారు అడ్డంగా పెడితే ఫోటో తీయొచ్చు. రాత్రి ఒంటిగంటకు వినిపించిన చప్పుడు తెల్లారి తొమ్మిదింటికి నా దగ్గరికి వచ్చేసరికి కోపం మాత్రమే మిగులుతుంది. చప్పుడు ఉండదు.

302లో ఉండే టీచరు గారు గత అక్టోబరులో నాకు ఇచ్చిన కాగితం ఇది. ఆవిడ అనుమతితోనే రాస్తున్నాను.

“సెక్రటరీ గారికి, పై ఫ్లాటు 402 వాళ్లు రోజూ అర్ధరాత్రి దాకా గోల చేస్తున్నారు. నెలల తరబడి నిద్ర లేదు. ఎన్నిసార్లు చెప్పినా లెక్క చేయడం లేదు. అద్దెకు ఉండేవాళ్లకు ఇంత పొగరు పనికిరాదు. వెంటనే ఖాళీ చేయించగలరు.”

ఆవిడ బాధలో అబద్ధం లేదు. కళ్ల కింద నల్లగా కనిపిస్తూనే ఉంది. ఉదయం ఏడున్నరకు బస్సు ఎక్కి స్కూలుకు వెళ్లే మనిషి. కానీ ఆ కాగితం పట్టుకుని నేను 402 తలుపు తడితే వాళ్లు అడిగే మొదటి ప్రశ్నకే నా దగ్గర జవాబు లేదు. “ఏ రోజండీ? ఎన్ని గంటలకు?” రెండో ప్రశ్నకు అసలే లేదు. “ఏం చప్పుడు?” అయినా వెళ్లాను. వాళ్లు అదే అడిగారు. “మేం పదింటికే పడుకుంటామండీ, మా అబ్బాయి ఒక్కడే షిఫ్టు చేసి లేటుగా వస్తాడు, వాడు తిని పడుకుంటాడు” అన్నారు ఆ ఇంటి అమ్మగారు. ఆ సాయంత్రమే వాట్సాప్ గ్రూపులో ఇద్దరి మధ్య మాటలు పెరిగాయి. “అద్దెకు ఉండేవాళ్లు” అన్న ముక్క దగ్గర మరో ఆరుగురు అద్దెవాళ్లు నొచ్చుకున్నారు. చప్పుడు సంగతి పక్కకు పోయింది.

మర్నాడు టీచరు గారికి ఒక లాంగ్ నోట్‌బుక్ ఇచ్చాను. “అమ్మా, పద్నాలుగు రాత్రులు రాయండి. ఎవరు చేశారో రాయొద్దు. చెవికి ఏం వినిపించిందో అది మాత్రం రాయండి” అన్నాను. ఆవిడకు కోపం వచ్చింది. బాధపడేది నేనైతే రాసే పని కూడా నాకేనా అన్నారు. న్యాయమైన మాటే. కానీ చప్పుడు వినిపించే గది ఆవిడది. ఆ గదిలో ఉన్న చెవులు తప్ప మరో సాక్షి లేదు.

పేజీకి అడ్డంగా గీతలు గీసి ఆరు గళ్లు పెట్టాం. తేదీ, చప్పుడు మొదలైన టైము, ఆగిన టైము, ఎలాంటి చప్పుడు, అప్పుడు తాను ఏ గదిలో ఉన్నారు, కిటికీ తీసి ఉందా మూసి ఉందా. చివర కొంచెం ఖాళీ. ఇంకెవరైనా విన్నారా, తాను ఏమైనా చేశారా అన్నది అక్కడ.

తేదీ దగ్గర చాలామంది తప్పు చేస్తారు. సోమవారం రాత్రి పడుకున్నాక 12.50కి చప్పుడు వస్తే అది క్యాలెండరు ప్రకారం మంగళవారం. రాసే మనిషి మాత్రం సోమవారం అనే రాస్తుంది, ఎందుకంటే తనకు ఇంకా తెల్లవారలేదు. మరో రోజు నిద్రమత్తు లేనప్పుడు సరిగ్గా మంగళవారం అని రాస్తుంది. ఈ రెండు పద్ధతులూ కలిసిపోతే పుస్తకం మొత్తం పనికిరాకుండా పోతుంది. గేటు దగ్గరి రిజిస్టరుతో పోల్చి చూస్తే ఒక్కటీ సరిపోదు, అవతలివాళ్లు “ఆ రోజు మేం ఊళ్లోనే లేం” అంటే తెల్లమొహం వేయాలి. అందుకని “3 రాత్రి, తెల్లవారితే 4” అని రెండు తేదీలూ రాయమన్నాను.

ఇంకో షరతు కూడా పెట్టాను. ఏమీ వినిపించని రాత్రి కూడా తేదీ వేసి “ఏమీ లేదు” అని రాయాలి. టీచరు గారికి ఇది నచ్చలేదు. తన ఫిర్యాదును తానే పలచన చేసుకున్నట్టు అనిపించింది. నిజానికి ఆ ఖాళీ రాత్రులే మిగతా రాత్రులకు బలం. పద్నాలుగుకు పద్నాలుగూ గోలే అని రాసిన పుస్తకాన్ని ఎవరూ నమ్మరు. మూడు రాత్రులు నిశ్శబ్దం అని రాసిన మనిషి మిగతా పదకొండు రాత్రుల గురించి చెబితే కూర్చుని వింటారు.

నవంబరు 3 సోమవారం నుంచి 16 ఆదివారం దాకా ఆవిడ రాశారు. కొన్ని పద్దులు ఇలా ఉన్నాయి.

“3 రాత్రి, తెల్లవారితే 4. 12.50 నుంచి 1.25. బల్లో కుర్చీలో నేల మీద ఈడ్చినట్టు కీచుమని, అయిదారుసార్లు. పడకగది. కిటికీ మూసి ఉంది.”

“4 రాత్రి. 11.30 నుంచి 12.15. వాషింగ్ మెషిన్ తిరుగుతున్నట్టు గుర్రుమని, ఆగకుండా. చివర బకెట్ ఎత్తేసినట్టు ఒక్కసారి ధబ్బుమని. పడకగది, మంచం తల వైపు గోడ. కిటికీ మూసి ఉంది. మళ్లీ 12.55 నుంచి 1.20, ఈడుపు.”

“7 రాత్రి. ఏమీ లేదు.”

“8 రాత్రి. 11.35 నుంచి 12.20. గుర్రుమని, చివర ధబ్బు.”

“15 రాత్రి, తెల్లవారితే 16. 11.10 నుంచి 1.45. పాటలు, దరువు ఎక్కువ, మాటలు తక్కువ. నవ్వులు. హాలు, పడకగది రెండింటిలోనూ. కిటికీ మూసినా దరువు తగ్గలేదు. 12.30కి ఇంటర్‌కామ్‌లో వాచ్‌మన్‌కి చెప్పాను. 301 వాళ్లు కూడా విన్నారు.”

పుస్తకం నా చేతికి వచ్చాక పొద్దున్నే టీ తాగుతూ కూర్చుని మూడు రంగుల పెన్నులతో గీతలు గీశాను. ఆవిడ “గోల” అని ఒక్క మాటలో చెప్పింది మూడు వేర్వేరు చప్పుళ్లుగా విడిపోయింది.

ఈడుపు చప్పుడు ఎనిమిది రాత్రులు ఉంది. ఎనిమిదీ సోమవారం నుంచి శుక్రవారం లోపువే. టైము ఎప్పుడూ 12.45కీ 1.30కీ మధ్య. గేటు రిజిస్టరు తీస్తే 402 అబ్బాయి ఆఫీసు క్యాబు లోపలికి వచ్చేది రోజూ 12.30 ప్రాంతంలో. ఇందులో అనుమానానికి తావు లేదు. ఆ అబ్బాయి వచ్చి, కుర్చీ లాక్కుని అన్నం తింటున్నాడు. పాటల చప్పుడు ఒక్క రాత్రే, 15వ తేదీ శనివారం. అదీ 402 నుంచే, వాచ్‌మన్ వెళ్లి చూశాడు కూడా.

గుర్రుమనే చప్పుడు దగ్గర నా పెన్ను ఆగిపోయింది. 4, 6, 8, 10, 12, 14, 16. ఏడు రాత్రులు. సరిగ్గా రోజు విడిచి రోజు. వాషింగ్ మెషిన్‌లో బట్టలు రోజు విడిచి రోజు వేసేవాళ్లు ఉండొచ్చు. కానీ 402 వాళ్లు 7వ తేదీ శుక్రవారం మధ్యాహ్నం తాళం వేసి ఊరికి వెళ్లి 9 ఆదివారం రాత్రి తిరిగొచ్చారు. రిజిస్టరులో సంతకం ఉంది. మరి 8వ తేదీ రాత్రి ఆ తాళం వేసిన ఇంట్లో మెషిన్ తిప్పింది ఎవరు?

మా వీధికి మునిసిపల్ నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. రాత్రి పదిన్నర ప్రాంతంలో వదులుతారు. సంప్ నిండుతున్నకొద్దీ నీళ్లు పైకి ఎక్కించకపోతే వచ్చిన నీళ్లు వృథా అవుతాయని వాచ్‌మన్ పదకొండున్నరకు మోటారు వేస్తాడు. ముప్పావుగంట నడుస్తుంది. డాబా మీది ట్యాంకుకు ఎక్కే పైపు డక్టులో, సరిగ్గా 302 పడకగది గోడను ఆనుకుని పోతుంది. పైపును గోడకు పట్టి ఉంచే ఇనుప క్లాంపులు నేరుగా గోడలోకి బిగించి ఉన్నాయి, మధ్యలో రబ్బరు ముక్క కూడా లేదు. మోటారు అదురు పైపులోకి, పైపు నుంచి క్లాంపులోకి, క్లాంపు నుంచి గోడలోకి, గోడ నుంచి టీచరు గారి మంచం తలాపికి. చివర్లో ధబ్బుమన్నది బకెట్ కాదు. మోటారు ఆపగానే పైపులో పైకెక్కిన నీరు వెనక్కి జారబోతుంది. దాన్ని ఆపడానికి అడుగున ఉన్న నాన్ రిటర్న్ వాల్వ్ ఒక్కసారిగా మూసుకుంటుంది. ఆ దెబ్బే అది. కింద 202 ఆర్నెల్లుగా ఖాళీగా ఉంది కాబట్టి ఇంకెవరూ చెప్పలేదు.

పదకొండు రాత్రుల గోలలో ఏడు రాత్రులకు మా అసోసియేషన్ మోటారు భాగం ఉంది. ఆ ఏడింటినీ మోస్తున్నది 402 వాళ్లు. ఇది తెలిసిన రోజు నాకు చాలా సిగ్గేసింది. అంతకు మూడు వారాల ముందు ఆ ఇంటి అమ్మగారి గుమ్మంలో నిలబడి రాత్రిపూట మెషిన్ వేయొద్దని చెప్పి వచ్చింది నేనే.

టీచరు గారు అబద్ధం ఆడలేదు, పొరబడ్డారు. అపార్ట్‌మెంట్లలో ఈ పొరపాటు చాలా మామూలు, దానికి కారణం ఉంది. చప్పుడు మన ఇంట్లోకి రెండు దారుల్లో వస్తుంది. మాటలు, టీవీ, కుక్క అరుపు గాలిలో వచ్చి కిటికీల్లోంచి, తలుపు సందుల్లోంచి దూరతాయి. వీటి దిక్కు తెలుస్తుంది, కిటికీ మూస్తే తగ్గుతాయి. కుర్చీ ఈడుపు, రోలు దంచుడు, పిల్లల గెంతులు, మోటారు అదురు అలా కాదు. అవి స్లాబులోకి, పిల్లర్లలోకి, గోడల్లోకి నేరుగా దిగి కట్టడం మొత్తాన్నీ కదిలిస్తాయి. కాంక్రీటులో శబ్దం గాలిలో కన్నా సుమారు పదింతల వేగంతో పోతుంది, పెద్దగా తగ్గకుండా దూరం పోతుంది. అప్పుడు సీలింగూ నాలుగు గోడలూ ఒకేసారి చప్పుడు చేస్తాయి. రెండు చెవులకూ అందే చప్పుడులో ఉండే చిన్న తేడాను బట్టే మనం దిక్కు పోల్చుకుంటాం. అన్ని వైపుల నుంచీ ఒకేసారి వచ్చినప్పుడు ఆ తేడా ఉండదు. చెవి చేతులెత్తేస్తే మనసు జవాబు చెబుతుంది. మనసుకు ముందే ఎవరి మీద కోపం ఉందో చప్పుడు వాళ్లింట్లోంచే వచ్చినట్టు తోస్తుంది.

కిటికీ గడి పెట్టింది అందుకే. కిటికీ మూసినా తగ్గకపోతే అది గోడల గుండా వస్తున్న చప్పుడు. అలాంటప్పుడు నెత్తి మీద ఉన్న ఇల్లే కారణం అని రాసేయకూడదు. పక్క నిలువులో ఉన్న ఇల్లు కావచ్చు, రెండంతస్తుల పైది కావచ్చు, లిఫ్టు కావచ్చు, మోటారు కావచ్చు.

ఫోన్లో డెసిబెల్ కొలిచే యాప్ వేసుకుని ఆ నంబర్లు కూడా రాస్తానన్నారు టీచరు గారి అబ్బాయి. వద్దనలేదు కానీ దాని మీద ఆధారపడొద్దన్నాను. ఫోన్ మైకు మనిషి గొంతు కోసం తయారైంది, ఒక్కో ఫోను ఒక్కోలా చూపిస్తుంది, సరిచూసి ధ్రువీకరించిన పరికరం కాదు. దరువు లాంటి లోతైన చప్పుళ్లను మామూలు డెసిబెల్ కొలత తక్కువ చేసి చూపిస్తుంది. ఛాతీలో దడదడలాడుతున్నా తెర మీద నంబరు చిన్నదిగానే ఉంటుంది. దాని బదులు మీ పడకగదిలోనే ఫోను పెట్టి, మొదట టైము పైకి చెప్పి, రెండు నిమిషాలు రికార్డు చేసుకోవడం మేలు. పక్కవాళ్ల గుమ్మం దగ్గరికి వెళ్లి వాళ్ల మాటలు రికార్డు చేయడం, కిటికీల్లోకి వీడియో తీయడం మాత్రం చేయకూడదు. అది మరో తగాదాకు మొదలు, అప్పుడు తప్పు మీ వైపు ఉంటుంది.

ఇక చట్టం ఏమంటుందో చూద్దాం. ఫిర్యాదులో దాన్ని ఎక్కడ వాడాలో, ఎక్కడ వాడకూడదో తెలిసి ఉండాలి. కేంద్ర ప్రభుత్వం 2000లో తెచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి అంటే పది నుంచి ఉదయం ఆరు దాకా. తెల్లవారుజామున అయిదుంబావుకు మిక్సీ వేసేవాళ్లు కూడా చట్టం లెక్కలో రాత్రే వేస్తున్నట్టు. నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. మామూలుగా మాట్లాడుకునే మాటలే దగ్గరదగ్గర 60 ఉంటాయి, డెసిబెల్స్ పది పెరిగితే చెవికి చప్పుడు సుమారు రెట్టింపైనట్టు అనిపిస్తుంది. రాత్రిపూట లౌడ్‌స్పీకర్లు, సౌండ్ సిస్టమ్‌లు, వాయిద్యాలు వాడకూడదని ఆ నియమాలు చెబుతాయి. ఏ కొద్దిపాటి మినహాయింపులో తప్ప. సొంత ఇంట్లో పెట్టుకున్న సౌండ్ సిస్టమ్ అయినా, ఆ ఇంటి హద్దు దగ్గర దాని చప్పుడు పరిమితి కన్నా 5 డెసిబెల్స్ మించి ఉండకూడదు. ఇంట్లో ప్రశాంతంగా ఉండే హక్కును జీవించే హక్కులో భాగంగా చూస్తూ సుప్రీంకోర్టు 2005 జులైలో శబ్ద కాలుష్యం మీద వివరమైన తీర్పు ఇచ్చింది.

అయితే ఈ 45 అనేది కొంతసేపటి చప్పుడును సగటు కట్టి చూసే లెక్క. నాలుగు సెకన్ల కుర్చీ ఈడుపు మనిషిని నిద్రలోంచి లేపి కూర్చోబెడుతుంది గానీ సగటులో కలిసిపోతుంది. కాబట్టి 15వ తేదీ పాటల గురించి రాసేటప్పుడు ఈ నియమాలు ఉదహరించాలి. కుర్చీల గురించి రాసేటప్పుడు వాటిని ఉదహరిస్తే అవతలివాళ్లు నవ్వుతారు, మొత్తం కాగితమే తేలికైపోతుంది. కుర్చీలకు పనికొచ్చేది మన అసోసియేషన్ బైలాస్‌లో “ఇతర నివాసులకు ఇబ్బంది కలిగించరాదు” అనే క్లాజు. దాదాపు ప్రతి అసోసియేషన్‌కూ ఏదో ఒక రూపంలో అది ఉంటుంది. దాని నంబరు చూసి రాయాలి.

సెక్రటరీ చేయగలిగింది ఎంతో కూడా తెలిసి అడగాలి. నేను మాట్లాడగలను, కమిటీ తరఫున నోటీసు ఇవ్వగలను, ఓనరుకు రాయగలను, సమావేశంలో పెట్టగలను, రికార్డు భద్రపరచగలను. ఎవర్నీ ఖాళీ చేయించలేను, అది ఓనరుకూ అద్దెవాళ్లకూ మధ్య ఒప్పందం. బైలాస్‌లో లేని జరిమానా వేయలేను. నీళ్లు, కరెంటు ఆపిస్తానని బెదిరించడం అసలే కుదరదు. “ఖాళీ చేయించగలరు” అన్న పాత కాగితం నాకు చేతకాని పని అడిగింది. చేతకాని పని అడిగితే సెక్రటరీ ఏ పనీ చేయడు. ఇది రెండేళ్ల అనుభవంతో చెబుతున్న మాట.

టీచరు గారు నవంబరు 18న ఇచ్చిన రెండో ఉత్తరం ఇది. ఆవిడే రాసుకున్నారు, నేను రెండు చోట్ల మాత్రం సరిచేశాను.

“సెక్రటరీ గారికి నమస్కారం. నేను ఫ్లాట్ నంబర్ 302లో సొంతదారుగా ఉంటున్నాను. రాత్రి చప్పుళ్ల వల్ల నిద్రకు కలుగుతున్న ఇబ్బంది గురించి ఈ ఉత్తరం. నవంబరు 3 నుంచి 16 దాకా పద్నాలుగు రాత్రులు రాసిన వివరాల నకలు జతచేస్తున్నాను. ఇందులో మూడు రాత్రులు ఏ ఇబ్బందీ లేదు.

ఎనిమిది రాత్రులు 12.45, 1.30 మధ్య నేల మీద కుర్చీలు ఈడ్చిన చప్పుడు వినిపించింది. ఇది పై ఫ్లాటు నుంచి అనుకుంటున్నాను. ఏడు రాత్రులు 11.30 ప్రాంతంలో ముప్పావుగంట పాటు అదురు వినిపించింది. దీన్ని కూడా నేను 402 వారిదే అనుకున్నాను. అది మన మోటారు పైపుదని మీరు చూపించారు కాబట్టి ఆ విషయంలో 402 వారి మీద నా పాత ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాను. 15వ తేదీ రాత్రి 11.10 నుంచి 1.45 దాకా 402లో పాటలు పెట్టారు. 301 వారు కూడా విన్నారు, వారి సంతకం కింద ఉంది.

నేను కోరుతున్నవి ఇవి. మోటారు రాత్రి పది దాటాక వేయకుండా, పైపు క్లాంపులకు రబ్బరు పెట్టించాలి. 402 వారు కుర్చీలకు, బల్లకు కింద రబ్బరు బుష్‌లు వేయించుకునేలా మాట్లాడాలి. రాత్రి పది తర్వాత పాటలు బయటికి వినిపించకూడదని వారికి రాతపూర్వకంగా తెలియజేయాలి. డిసెంబరు 1 లోపు ఏం చేశారో నాకు తెలియజేయగలరు. ఈ లోపు 402 వారితో మీ సమక్షంలో మాట్లాడటానికి నేను సిద్ధంగా ఉన్నాను.”

రెండు కాపీలు తెచ్చారు. ఒకటి నేను తీసుకుని, రెండో దాని మీద “అందినది” అని తేదీ వేసి సంతకం చేసి ఇచ్చాను. సెక్రటరీ నోటితో “సరేనమ్మా, చూస్తాను” అంటే చాలదు. ఆ సంతకం ఉన్న కాపీ మీ దగ్గర ఉండాలి. సంతకం పెట్టడానికి వెనకాడే సెక్రటరీ అయితే ఈమెయిల్ చేయండి, లేదా స్పీడ్ పోస్టులో పంపండి. వాట్సాప్ గ్రూపులో మాత్రం పెట్టొద్దు. నలభై ఇళ్ల ముందు పేరు పడ్డాక ఏ మనిషీ తప్పు ఒప్పుకోడు.

ఈ ఉత్తరంలో నాకు బాగా నచ్చింది పాత ఫిర్యాదులో ఒక భాగాన్ని వెనక్కి తీసుకోవడం. 402 అమ్మగారికి చూపించినప్పుడు ఆవిడ ఆ వాక్యం దగ్గర ఆగి రెండుసార్లు చదివారు. అప్పటిదాకా బిగుసుకుని కూర్చున్న మనిషి, “కుర్చీల చప్పుడు అంత వినిపిస్తుందా అండీ కిందికి?” అని అడిగారు.

వినిపిస్తుందో లేదో చూద్దామన్నాను. ఆ ఆదివారం మధ్యాహ్నం ఆవిడను 302 పడకగదిలో కూర్చోబెట్టి, పైన వాళ్లబ్బాయిని రోజూ ఎలా కుర్చీ లాక్కుంటాడో అలాగే లాగమని ఫోన్లో చెప్పాం. కీచుమని వచ్చిన చప్పుడుకు ఆవిడే ఉలిక్కిపడ్డారు. “అయ్యో, ఇదా! మా ఇంట్లో మాకు ఇంత తెలీదు వదినా” అన్నారు టీచరు గారి చెయ్యి పట్టుకుని. నిజంగానే తెలీదు. పైన గదిలో గాలిలో వచ్చే చప్పుడు మాత్రమే వాళ్లు వింటారు, కింద స్లాబు మొత్తం డోలు తోలులా మోగుతుంది. వాళ్ల డైనింగ్ కుర్చీలవి ఇనుప కాళ్లు, అడుగున ఉండాల్సిన ప్లాస్టిక్ మూతలు ఎప్పుడో అరిగి ఊడిపోయాయి. కింద నున్నటి టైల్స్.

ఆరు కుర్చీలకు ఇరవై నాలుగు రబ్బరు బుష్‌లు, బల్లకు నాలుగు. హార్డ్‌వేర్ షాపులో దొరికేవే. కొనేముందు కాలి మందం కొలుచుకుని వెళ్లాలి. వదులుగా ఉన్నవి వారంలో ఊడిపోతాయి. బల్ల కింద ఒక పాత జంపఖానా కూడా పరిచారు. మోటారు టైము మార్చడానికి కొంచెం తర్జనభర్జన పడ్డాం. సాయంత్రమే ట్యాంకు నింపి ఉంచి, రాత్రి వచ్చిన నీళ్లు సంప్‌లోనే ఆపి, ఉదయం ఆరు దాటాక ఎక్కించడం మొదలుపెట్టాం. మా సంప్ పెద్దది కాబట్టి సరిపోయింది. చిన్న సంప్ ఉన్నచోట నీళ్లు పోతాయి, అక్కడ క్లాంపులకు రబ్బరు పెట్టడం, మోటారు కింద రబ్బరు మ్యాటు వేయడం మీదే ఆధారపడాలి. పాటల గురించి 402 వారికి కమిటీ లెటర్ ఇచ్చాం, కాపీ బెంగళూరులో ఉన్న ఓనరుకు పంపాం.

ఇంత సాఫీగా అన్నిచోట్లా జరగదని నాకు తెలుసు. ఉత్తరం తీసుకుని తలుపు మొహాన వేసే ఇళ్లు కూడా ఉన్నాయి. అప్పుడు కూడా ఆ పుస్తకమే దారి చూపిస్తుంది. పది దాటాక సౌండ్ సిస్టమ్ మోగుతుంటే, మోగుతున్నప్పుడే 112కి ఫోన్ చేయాలి. తెల్లారాక చేస్తే పోలీసులు వచ్చి వినేదేమీ ఉండదు. ఫోన్ చేసిన టైము, వాళ్లు వచ్చిన టైము పుస్తకంలో రాయాలి. తర్వాత స్టేషన్‌లో రాతపూర్వక ఫిర్యాదు ఇస్తూ పుస్తకం నకలు, సెక్రటరీ సంతకం ఉన్న ఉత్తరం కాపీ జతచేయాలి. రాత్రివేళ ఆంక్షల్ని అతిక్రమించినా, చప్పుడు పరిమితికి 10 డెసిబెల్స్ లేదా అంతకన్నా ఎక్కువ మించినా అధికారికి ఫిర్యాదు చేసే హక్కు ఆ 2000 నియమాలే ఇచ్చాయి. ఇద్దరి మధ్యే ఉన్న ఇబ్బంది అయితే, కుర్చీలూ గెంతులూ లాంటివైతే, చివరి దారి సివిల్ కోర్టులో ఇంజంక్షన్ అడగడం. అక్కడ జడ్జి మొదట అడిగేది ఎన్నాళ్లుగా, ఎంత తరచుగా, ఏ వేళల్లో అనే. ముందూ వెనకా చెప్పిన ప్రయత్నాలేమిటని కూడా అడుగుతారు. వాటికి జవాబు చెప్పేది జ్ఞాపకం కాదు, తేదీలు వేసిన ఆ పేజీలే.

డిసెంబరులో టీచరు గారి చేత మరో పద్నాలుగు రాత్రులు రాయించాను. పని జరిగిందో లేదో తెలియాలంటే అదే పద్ధతిలో మళ్లీ రాయాలి. ఈడుపు ఒక్క రాత్రి వచ్చింది. చూస్తే ఒక కుర్చీకి బుష్ ఊడింది. మోటారు అదురు ఒక్క రాత్రీ లేదు. డిసెంబరు 31 రాత్రి 402లో పాటలు పెట్టుకున్నారు. ముందు రోజే ఆ అమ్మగారు కిందికి వచ్చి చెప్పి వెళ్లారు, పన్నెండున్నరకు ఆపేశారు. ఆ రాత్రి పద్దు పుస్తకంలో లేదు.

సెక్రటరీలుగా ఉన్నవాళ్లకు ఒక్క మనవి. రాత్రి చప్పుడు మీద మీకు ఉత్తరం అందిన రోజు, పై ఫ్లాటు తలుపు తట్టే ముందు మీ వాచ్‌మన్‌ని పిలిచి మోటారు ఎన్ని గంటలకు వేస్తున్నాడో అడగండి.